పట్టిక కింద రాయాల్సిన పేరు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నేను విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవాణ్ణి. నా విషయం పడమటి నెల్లూరులోని మెట్ట తాలూకాల్లో తాగునీటి బావులు. ఏ నెలలో నీళ్ళు ఎంత లోతున ఉంటాయి, వాన పడ్డ ఎన్నాళ్ళకు పైకొస్తాయి అన్నది తేల్చాలి. మాది కలిగిరి పక్క పల్లె కాబట్టి ఈ పని నాకే తేలికని మా ప్రొఫెసరుగారు అనుకున్నారు. ఆత్మకూరులో ఒక గది తీసుకుని, అక్కణ్ణుంచి బస్సులో ఉదయగిరికి, అనంతసాగరానికి తిరిగేవాణ్ణి. విశ్వవిద్యాలయం నెలనెలా ఇచ్చే పరిశోధక వేతనం గది అద్దెకూ తిండికీ సరిపోయేది. పటాలు అచ్చు వేయించడానికి మాత్రం చాలదు.

వానల లెక్కకు ఇబ్బంది లేదు. తాలూకా కచేరీలో రోజువారీ వాన కొలిచి రాసే వానమాని పుస్తకం ఉంది. తహసీల్దారు అనుమతి ఇచ్చారు. అక్కడి గుమాస్తా పాత సంపుటాలు అటక మీదనుంచి దింపి, దుమ్ము దులిపి, నా ముందు పెట్టాడు. చెదలు తిన్న పేజీల్లో అంకెలు చదవలేకపోతే తాను చదివి చెప్పాడు.

బావుల లెక్క అలా దొరకదు. బావిలో నీళ్ళు ఎంత ఉన్నాయో ఎవరూ రాసి పెట్టుకోరు. "పోయినేడు కంటే తక్కువ" అంటారు, అంతే. నేను సొంతంగా కొలిచింది రెండేళ్ళే. రెండేళ్ళ కొలతతో ఏ సిద్ధాంతమూ నిలబడదు. ఆ దిగుల్లో ఉండగా ఉదయగిరిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని గురించి విన్నాను.

ఆమె జిల్లా బోర్డు వారి ఆడపిల్లల బడిలో పనిచేసి దిగిపోయారు. భర్త లేరు, పిల్లలు లేరు. ఊళ్ళో అందరికీ టీచరమ్మ. బడిలో చేరిన మొదటి వేసవిలో బడి బావి ఎండిపోయి పిల్లలు నీళ్ళకు అల్లాడారట. పైవాళ్ళకు అర్జీ పెడితే, బావి ఎండిందనడానికి రుజువేమిటని అడిగారట. ఆ వారం నుంచే కొలవడం మొదలుపెట్టారు. ప్రతి సోమవారం పొద్దున్నే, ఎవరూ చేద వేయకముందు, అడుగుకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టి బావిలోకి వదిలేవారు. చుట్టుగోడ మీద ఉలితో చెక్కించిన గీత దగ్గర తాడు పట్టుకుని, అక్కణ్ణుంచి తాడు తడిసిన చోటి దాకా ముళ్ళు లెక్కపెట్టి, పైన మిగిలిన అంగుళాలు స్కేలుతో చూసి పుస్తకంలో రాసేవారు. అలా పదకొండేళ్ళు. ఉద్యోగం అయిపోయాక కూడా మానలేదు.

నేను వెళ్ళినప్పుడు ఆమె వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్నారు. సంగతి చెప్పగానే చేతులు కడుక్కొచ్చి మూడు నోటు పుస్తకాలు తెచ్చి ఇచ్చారు.

"ఇంటికి తీసకపోవద్దు. ఈడనే కూర్చోని రాసుకో" అన్నారు.

నాలుగు రోజులు ఆ వసారాలోనే కూర్చుని రాసుకున్నాను. మధ్యాహ్నం ఆమె పెట్టిన అన్నమే తిన్నాను. ప్రతి పేజీలో తేదీ ఒక గడి, లోతు ఒక గడి, పక్కన సన్నటి రాతతో ఏవేవో మాటలు. నాకు కావలసింది అంకెలు. తొందరలో ఉన్నాను. తేదీలూ అంకెలూ ఎత్తి రాసుకుని, పక్క రాతలు వదిలేశాను.

ఆత్మకూరు గదికి వచ్చి ఆ అంకెలను గీతల కాగితం మీద పెడితే ఒక కొత్త సంగతి బయటపడింది. ఐదో ఏడు వరకు నీటి మట్టం ఎండకు దిగుతూ వానకు ఎక్కుతూ ఒక తీరుగా ఉంది. ఐదో ఏట ఒక వారంలో ఒక్కసారిగా అడుగున్నర కిందికి పడిపోయింది. తర్వాత ఎంత వాన కురిసినా ఆ అడుగున్నర తిరిగి రాలేదు. పరిశోధకుడికి ఇంతకంటే ఏం కావాలి. ఆ రోజుల్లోనే అటుపక్క నూనె ఇంజన్లు దిగుతున్నాయి. ఇంజను బావుల వల్ల భూమిలోపలి నీరు దిగిపోయిందని ఒక అధ్యాయమంతా రాశాను. నా సిద్ధాంత వ్యాసానికి అదే ప్రాణం అనుకున్నాను.

దానికి సాక్ష్యం ఇంకొకటి ఉంటే బాగుండుననిపించింది. ఆత్మకూరు దగ్గర ఒక పెద్ద రైతు ఉండేవాడు. పొలాలూ పలుకుబడీ బాగా ఉన్నవాడు. చదువుకునేవాళ్ళంటే అభిమానం. నా పటాలు రాతి పలక మీద గీసి తీసే రాయి అచ్చులో వేయించడానికి డబ్బిస్తానని, ముందుగా సగం ఇచ్చాడు కూడా. ఆయన ఇంటికి పోయి, "ఫలానా ఏడు ఉదయగిరి వైపు బావులు బాగా దిగిపోయినాయంట గదా?" అని అడిగాను.

"అవును, దిగినాయి. నేను చూసినా గదా" అన్నాడు పడక్కుర్చీలోంచి.

నేను మళ్ళీ ఏమీ అడగలేదు. ఆ మాటను ఫుట్‌నోటులో ఎక్కించాను. ఆయన పేరు, ఊరు, తేదీ, ముఖాముఖి చెప్పిన మాట అని. డబ్బిచ్చిన మనిషి పేరు పుస్తకంలో ఒక గౌరవమైన చోట పడిందని తృప్తి కూడా కలిగింది. టీచరమ్మ సంగతి ముందుమాట చివర్లో రాశాను. ఇల్లు చూపినవాళ్ళకూ బండి ఇచ్చినవాళ్ళకూ చెప్పిన కృతజ్ఞతల వరసలో, "ఉదయగిరిలో ఒక ఉపాధ్యాయిని తమ వద్ద ఉన్న సమాచారం ఇచ్చి ఆదరించారు" అని. ఆమె అంకెలున్న పట్టిక కింద ఏమీ రాయలేదు. వాక్యం బాగానే వచ్చిందనుకున్నాను.

ఆ చలికాలంలో ప్రొఫెసరుగారు నా పని చూడటానికి ఆత్మకూరు వచ్చారు. ప్రయాణికుల బంగళాలో దిగారు. పొడుగాటి మనిషి, మెల్లగా మాట్లాడతారు. బంగళా వరండాలో కూర్చుని నా చిత్తుప్రతి మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివారు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఆయన ముఖం చూస్తున్నాను. బావి పట్టిక దగ్గర ఆగారు.

"ఈ అంకెలు ఎవరివి?"

"ఉదయగిరిలో ఒక టీచరమ్మ కొలిచినవండి. ముందుమాటలో రాశాను."

ఆయన ముందుమాట తిప్పి చూశారు.

"ఇక్కడ ఆమె నిన్ను ఆదరించిందని ఉంది. ఏ బావి కొలిచింది, ఎన్నేళ్ళు కొలిచింది, దేంతో కొలిచింది, ఆ పుస్తకం ఇప్పుడు ఎక్కడుంది, ఇవేవీ లేవు. రేపు నా వంటివాడికి అనుమానం వస్తే ఎక్కడికి పోయి చూడాలి?"

ఆయన మళ్ళీ పట్టిక పేజీకి తిప్పారు.

"కృతజ్ఞత చెప్పడం నీ మర్యాద. ఆధారం చూపడం చదివేవాడి హక్కు. ఒకటి రాస్తే రెండోది తీరదు. తాలూకా కచేరీ వానల పుస్తకానికి పట్టిక కింద ఆధారం ఇచ్చావు, సంపుటాలతో సహా. దించిపెట్టిన గుమాస్తాకు ముందుమాటలో కృతజ్ఞత చెప్పావు. అక్కడ సరిగా తెలిసింది నీకు. ఇక్కడ ఎందుకు తెలియలేదు?"

ఎందుకో నాకు తెలుసు. కచేరీ పుస్తకం ప్రభుత్వానిది, ముద్ర ఉన్నది. ఇది ఒక ముసలామె నోటు పుస్తకం. సిద్ధాంత వ్యాసంలో దాని పేరు రాస్తే నా పని చులకనైపోతుందేమోనని లోపల ఎక్కడో సిగ్గు. ఆ మాట ఆయనతో అనలేదు.

ఆయన ఇంకొంచెం ముందుకు పోయి రైతు ఫుట్‌నోటు దగ్గర మళ్ళీ ఆగారు.

"ఈయన ఉదయగిరిలో బావులు కొలిచాడా?"

"లేదండి. చూశానని చెప్పాడు."

"నువ్వు అడక్కముందే చెప్పాడా, అడిగితే చెప్పాడా?"

"అడిగితేనండి."

"ఎలా అడిగావు?"

అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు, కోపగించుకోలేదు.

"పటాలకు డబ్బిచ్చింది ఈయనేనా?"

"అవునండి."

"అది ముందు పేజీలో రాయి. ఎవరు ఇచ్చారు, దేనికి ఇచ్చారు, అంతవరకే. విశ్వవిద్యాలయం ఇచ్చే వేతనం సంగతి కూడా అక్కడే రాయాలి, ఆ షరతు నీ ఆర్డరులోనే ఉంది. డబ్బిచ్చినవాళ్ళు నీ నిర్ణయాల్లో జోక్యం చేసుకోలేదని, తప్పులుంటే నీవేనని కూడా రాయి. డబ్బిచ్చినందుకు ఆయన్ను సాక్షిగా నిలబెట్టకు. డబ్బు ఎవరిదో, నిర్ణయం ఎవరిదో చదివేవాడికి రెండూ ఒకేచోట కనిపించాలి. అప్పుడు వాడే తూచుకుంటాడు."

ఆఖరికి గీతల కాగితం తీసి ఆ పడిపోయిన చోట వేలు పెట్టారు. "నీళ్ళు ఇలా దిగవు. ఒక్క వారంలో, గీత గీసినట్టు, అదీ సరిగ్గా అడుగున్నర. ఆమె పుస్తకం మళ్ళీ చూడు. చూసేదాకా ఈ అధ్యాయం పక్కన పెట్టు."

మర్నాడు ఆయన నెల్లూరు బస్సెక్కారు. నేను ఉదయగిరి బస్సెక్కాను.

టీచరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఐదో ఏటి పుస్తకం అడిగితే తెచ్చి ఇచ్చారు. ఆ వారం దగ్గర పక్క గడిలో, సన్నటి రాతతో, ఇలా ఉంది: బావి చుట్టుగోడ ఎత్తు పెంచి కట్టినారు. పాత గీత లోపల పడిపోయింది. కొత్త గోడ మీద కొత్త గీత. ఇకమీద కొలతలో అడుగున్నర తీసివేసుకోవాలి.

నేను ఆ పేజీని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. నీళ్ళు దిగలేదు. గోడ లేచింది.

"ఏంది అబ్బయ్యా, అట్లయిపోయినావు?" అన్నారామె.

దాచకుండా చెప్పాను. పక్క రాతలు ఎత్తి రాసుకోలేదని, ఆ అడుగున్నర మీద ఒక అధ్యాయం కట్టానని, దానికి ఆత్మకూరు రైతును సాక్ష్యం తెచ్చానని. ముందుమాటలో ఆమె గురించి రాసిన వాక్యం కూడా చదివి వినిపించాను.

ఆమె కళ్ళద్దాలు తీసి పైటతో తుడుచుకున్నారు.

"ఆదరించినానని రాసినావా? అన్నం పెట్టినందుకా?"

"అమ్మా..."

"అన్నం ఎవురైనా పెడతారు. నేను కొలిచినా. అది రాయాల గదా. ఆదరణకి నా పేరు ఎందుకు, వద్దు. కొలతకి మాత్రం నా పేరు ఉండాల. తప్పొస్తే నీ మింద పడేది ఎందుకు, నన్ను అడగనీ. గోడ సంగతి నేను చెప్తా గదా."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. పిల్లల పలకలో తప్పు దిద్దినట్టు అన్నారు. నాకు కోప్పడినా బాగుండుననిపించింది.

అప్పుడు ఇద్దరం కూర్చుని మళ్ళీ మొదటినుంచి చూశాం. ఆమె పక్క రాత చదువుతుంటే నేను రాసుకున్నాను. ఒకచోట తాడు మార్చారు. పాతది తడిసి తడిసి సాగిందని, కొత్తదాన్ని బడి టేపుతో సరిచూశామని ఉంది. ఇంకొకచోట పండగ రోజు కాబట్టి మంగళవారం కొలిచామని ఉంది. ఏడో ఏటి వేసవిలో వరుసగా తొమ్మిది వారాలు ఒక్కొక్క అంకె పక్కన చిన్న చుక్క కనిపించింది.

"ఈ చుక్కలేందమ్మా?"

"అప్పుడు నాకు విషజ్వరం వచ్చి నెల్లూరు ఆస్పత్రిలో పడుండినా. ఆ వారాలు నేను కొలవలా. బడికి నీళ్ళు తోడే ఆమె కొలిచింది. నేను వచ్చినాక చెప్తే రాసుకున్నా. నా కొలత కాదు గదా, అందుకని చుక్క పెట్టినా."

ఆ నీళ్ళు తోడే ఆమెను చూడాలన్నాను. చెరువు కట్ట వెనక గుడిసెల్లో ఉంటుంది, కబురంపితే సాయంత్రం వచ్చింది. నలభై దాటిన మనిషి, బక్కగా, గట్టిగా ఉంది. వసారా మెట్టు మీద కూర్చోమంటే నిలబడే ఉంది.

"నీకు చదువు రాదు గదా, ముళ్ళు ఎట్లా గుర్తు పెట్టుకున్నావు?" అని అడిగాను.

"గుర్తెందుకు? సోమారం సోమారం ఒక నారకి అన్ని ముళ్ళేసి మా గుడిసె వాసానికి కట్టినా. టీచరమ్మ వచ్చినాక తొమ్మిది నారలూ తెచ్చిచ్చినా. ఏది ముందో ఏది ఎనకో తెలియాలని వరసగా గుచ్చినా."

టీచరమ్మ తల ఊపారు. "అంగుళాలు లేవు దాంట్లో. అడుగులే. అది గూడా రాసుకో. అంగుళాలు ఉన్నట్టు రాయొద్దు."

నా పట్టికలో ఆ తొమ్మిది వారాలకు అంగుళాల గడిలో నేను సున్నాలు పెట్టి ఉన్నాను. సున్నా అంటే కొలిచి సున్నా అని అర్థం. అవి కొట్టేసి గీతలు పెట్టాను.

"నీ పేరు పుస్తకంలో వేయొచ్చునా?" అని నీళ్ళామెను అడిగాను.

ఆమె టీచరమ్మ వైపు చూసింది. "వేస్తే ఏమవతాది?"

"ఎవరైనా వచ్చి అడగొచ్చు, నువ్వే కొలిచినావా అని."

"కొలిచినానని చెప్తా" అంది. అంతే.

ఆ అధ్యాయాన్ని మళ్ళీ రాశాను. అడుగున్నర తీసివేశాక గీత మామూలు గీతలా తయారైంది. ఎండకు దిగింది, వానకు ఎక్కింది. ఇంజన్ల మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు, ఈ బావి మాత్రం ఏమీ చెప్పదు అని రాయాల్సి వచ్చింది. వ్యాసం పలచబడింది. ఇవ్వాల్సిన గడువు దాటిపోయి, ఇంకొక ఆరు నెలలకు అర్జీ పెట్టుకున్నాను.

పట్టిక కింద ఇలా రాశాను: ఈ కొలతలు ఉదయగిరి ఆడపిల్లల బడి బావివి, ఫలానా విశ్రాంత ఉపాధ్యాయిని రాసిపెట్టిన అచ్చుకాని మూడు నోటు పుస్తకాల నుంచి, ఆమె అనుమతితో. పుస్తకాలు ఉదయగిరిలో ఆమె ఇంట్లో ఉన్నాయి. చుక్క గుర్తున్న తొమ్మిది వారాల కొలత ఫలానా ఆమెది, అడుగుల వరకే. గోడ పెంచిన తర్వాతి అంకెల్లో అడుగున్నర నేను తీసివేశాను. వ్యాసంలో ఆ పట్టికను వాడుకున్న ప్రతిచోటా కింద ఆ మాటే గుర్తు చేశాను. ముందుమాటలో ఇద్దరికీ కృతజ్ఞత కూడా చెప్పాను. టీచరమ్మ వద్దన్నారు గానీ అది నా కోసం.

మిగిలింది పెద్ద రైతు. చెప్పకుండా ఫుట్‌నోటు తీసేయడం సబబు కాదని ఆయన ఇంటికి వెళ్ళాను. ముందు పేజీలో ఆయన గురించి రాసిన వాక్యం చూపించాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"పటాల అచ్చుకి సాయం చేసినానని రాసినావు. బాగుండాది. మరి నేను చెప్పిన మాటో?"

"అది తీసేశానండీ. ఆ ఏడు అక్కడ బావులు దిగలేదు. నా లెక్కే తప్పు."

"నేను చూసినానని చెప్పినా గదా."

"నేను అట్లా అడిగినందువల్ల మీరు అట్లా చెప్పినారండీ. తప్పు నాది."

ఆయన పక్కనున్న చెంబులో నీళ్ళు తాగి, "అంటే ఆ టీచరమ్మ తాడుకుండే విలువ నా మాటకి లేదంటావు" అన్నాడు.

"తాడును మళ్ళీ వేసి చూడొచ్చునండీ" అన్నాను.

"సరే, పోయిరా అబ్బయ్యా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మిగతా సగం డబ్బు రాలేదు. నేనూ అడగలేదు. రాయి అచ్చుకు చాలక, రెండు పటాలు మాత్రం అచ్చు వేయించి, మిగతావి నేనే నల్ల సిరాతో గీసి అంటించాను. ముందు పేజీలో, మొదటి రెండు పటాల అచ్చుకు ఆయన సాయం చేశారని మార్చి రాశాను. ఇచ్చింది ఇచ్చినట్టు రాయడమే న్యాయమనిపించింది. తగ్గించి రాసినా అబద్ధమే గదా.

వ్యాసం ఒప్పుకున్నారు. గొప్పదని ఎవరూ అనలేదు. ఒక ప్రతి టీచరమ్మకు పంపాను. నెల తిరక్కుండా ఆమె దగ్గర్నుంచి కార్డు వచ్చింది. బాగుందనో బాగాలేదనో లేదు. మూడో ఏటి పట్టికలో రెండు వారాలు తారుమారు చేసినావు, నా పుస్తకంతో సరిచూసినా, దిద్దుకో అని ఉంది. నీళ్ళు తోడే ఆమెకు ఆమె పేరున్న చోట చదివి చూపించినానని, ఆ పేజీని వేలితో తడుముకుని పోయిందని కింద ఒక వాక్యం.

తప్పొప్పుల చీటీ ఒకటి టైపు చేయించాను. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్న ప్రతికి అంటించి వచ్చాను. చీటీ చివర, ఈ తప్పులు చూపినవారు ఫలానా అని టీచరమ్మ పేరు రాశాను. గ్రంథాలయంలోని మనిషి జిగురు డబ్బా ఇస్తూ, సాధారణంగా ఆ మాట ఎవరూ రాయరే అన్నాడు. చీటీ నేరుగా అంటిందో లేదో చూసుకుని, ఆరేదాకా అక్కడే కూర్చున్నాను.